టారో రీడింగ్‌లో క్లారిఫయర్ కార్డు: ఎప్పుడు తీయాలి, ఎలా చదవాలి, ఎక్కడ ఆగాలి

స్ప్రెడ్‌లో, అంటే ఒక్కో స్థానానికి ఒక్కో పేరు పెట్టుకొని పరిచిన కార్డుల్లో, ఒకటి అర్థం కాకపోతే ఇంకొకటి తీయవచ్చా అని టారో నేర్చుకుంటున్నవారు తరచుగా అడుగుతూ ఉంటారు. తీయవచ్చు. అయితే ఆ ఇంకొకటి దేనికోసం తీస్తున్నామో ఒక్క వాక్యంలో రాయగలిగినప్పుడే తీయాలి. ఆ వాక్యం రాయలేకపోతే, వచ్చే కార్డు ఎంత మంచిదైనా అది జవాబుకు ఏమీ కలపదు, పైగా ఉన్న జవాబును చెదరగొడుతుంది. ఈ ఒక్క నియమాన్ని ఆచరణలో ఎలా పెట్టాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

స్ప్రెడ్ పరవడం పూర్తయ్యాక, అందులో ఒక కార్డు చెబుతున్న సంగతిలో మిగిలిపోయిన సందేహాన్ని తీర్చుకోవడానికి దాని పక్కన పెట్టే అదనపు కార్డే క్లారిఫయర్. ఏ కార్డు కోసం దాన్ని తీశామో ఆ కార్డును మూలకార్డు అంటాను. ప్రశ్న అడిగినవారిని మన జ్యోతిషంలో వాడే మాటతోనే పృచ్ఛకులు అంటాను. ఉదాహరణలన్నీ 78 కార్డుల రైడర్-వెయిట్-స్మిత్ డెక్‌లోని బొమ్మల ఆధారంగానే ఇస్తున్నాను.

## 1. పేక కలపక ముందే తేల్చుకోవాల్సినవి

కార్డులు బల్ల మీదికి వచ్చాక నియమాలు పెట్టుకుంటే, వచ్చిన కార్డులకు తగ్గట్టుగా నియమాలు మారిపోతాయి. అందుకే ఈ సంగతులను ముందే నిర్ణయించుకోవాలి.

మొదటిది పరిమితి. మూడు కార్డుల స్ప్రెడ్‌లో ఒక్క క్లారిఫయర్, పది కార్డుల కెల్టిక్ క్రాస్‌లో ఎక్కువలో ఎక్కువ రెండు అన్నది నేను పాటించే లెక్క. ఒక మూలకార్డుకు ఎప్పుడైనా ఒక్కటే. మూడు కార్డులకూ మూడు అదనపు కార్డులు తీస్తే అది ఆరు కార్డుల స్ప్రెడ్ అయిపోతుంది. అందులో సగం కార్డులకు స్థానమంటూ ఉండదు. "గతం", "ఆటంకం", "సలహా" వంటి స్థానం పేరే కార్డుకు హద్దు గీస్తుంది. ఆ హద్దు లేనప్పుడు ఏ కార్డునైనా ఏ అర్థానికైనా లాగవచ్చు.

రెండవది, ఎక్కడి నుంచి తీయాలన్నది. కొందరు మిగిలిన కట్టలో పై కార్డు తీస్తారు, కొందరు అడుగు కార్డు చూస్తారు, మరికొందరు మిగిలినవాటిని మళ్లీ కలిపి తీస్తారు. ఏ పద్ధతైనా సరే, ప్రతిసారీ అదే ఉండాలి. పై కార్డు నచ్చలేదని అడుగు కార్డు చూసినప్పుడు మనం రెండు కార్డులు తీసి, వాటిలో ఇష్టమైనదాన్ని ఎంచుకున్నట్టే.

మూడవది తలకిందుల కార్డుల సంగతి. స్ప్రెడ్‌లో తలకిందులుగా వచ్చిన కార్డులను వేరే అర్థంతో చదివితే క్లారిఫయర్‌నూ అలాగే చదవాలి. స్ప్రెడ్ మొత్తం నిటారుగా చదివి, క్లారిఫయర్ దగ్గర మాత్రం "ఇది తిరగబడింది కాబట్టి" అనడం సరికాదు.

ఇక పేక కలుపుతుండగా జారిపడే కార్డు గురించి. చాలామంది దాన్ని క్లారిఫయర్‌గా పక్కన పెట్టుకుంటారు. అప్పటికి మూలకార్డే రాలేదు కదా, అది దేన్ని వివరిస్తుంది? దాన్ని తిరిగి కట్టలో కలిపేయడమే నా పద్ధతి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- అసలు ప్రశ్న కాగితం మీద ఉందా?
- స్ప్రెడ్‌లోని ప్రతి స్థానానికీ పేరు రాసి ఉందా?
- ఎన్ని అదనపు కార్డులు తీయవచ్చో, ఎక్కడి నుంచి తీస్తారో పృచ్ఛకులకు చెప్పారా?

## 2. మూలకార్డును ముందు పూర్తిగా చదవడం

అదనపు కార్డు కోసం చేయి చాచే సందర్భాల్లో ఎక్కువ భాగం, మూలకార్డును దాని స్థానంలో పెట్టి చదవకపోవడం వల్ల వచ్చినవే. నా దగ్గర నేర్చుకుంటున్న ఒకరికి "నాకు తోడ్పడేది ఏమిటి" అన్న స్థానంలో ఫోర్ ఆఫ్ కప్స్ వచ్చింది. ఆ కార్డుకు "విసుగు, అనాసక్తి" అని ఆయన బట్టీపట్టి ఉన్నారు. విసుగు తోడ్పడడమేమిటని వెంటనే ఇంకో కార్డు తీయబోయారు.

ఆపి, బొమ్మలో ఏముందో చెప్పమన్నాను. చెట్టు కింద ఒక యువకుడు చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఎదురుగా మూడు కప్పులు ఉన్నాయి. మబ్బులోంచి ఒక చేయి నాలుగో కప్పును అందిస్తోంది, అతను మాత్రం అటు చూడడం లేదు. తోడ్పడేది ఏమిటో బొమ్మలోనే ఉంది కదా. ఎవరో ఇప్పటికే చేయి చాచి ఉన్నారు, పృచ్ఛకుడు తలెత్తి చూడలేదు. ఆ తర్వాత ఆయనకు అదనపు కార్డు అవసరం రాలేదు.

క్లారిఫయర్ ఆలోచన రాగానే ముందు ఈ వరుసలో వెళ్లండి.

1. అర్థాలు పక్కన పెట్టి, బొమ్మలో కనిపిస్తున్నవి మాత్రమే పైకి చెప్పండి. మనిషి ఎటు చూస్తున్నాడు, చేతుల్లో ఏముంది, వెనక ఏముంది అన్నవి వదలవద్దు.
2. స్థానం పేరునూ కార్డునూ కలిపి ఒకే వాక్యంగా చెప్పండి. "ఫోర్ ఆఫ్ కప్స్ అంటే విసుగు" అన్నది వాక్యమే గానీ అందులో స్థానం లేదు. "నాకు తోడ్పడేది, నేను చూడకుండా వదిలేసిన సాయం" అన్నదాంట్లో ఉంది.
3. పక్క కార్డులను చూడండి. చాలాసార్లు పక్క కార్డే క్లారిఫయర్ పని చేస్తుంది, ముఖ్యంగా రెండూ ఒకే సూట్‌లోవి, అంటే రెండూ కప్స్ లేదా రెండూ స్వోర్డ్స్ వంటివి అయినప్పుడు.
4. గడియారం చూసుకొని మూడు నిమిషాలు ఆగండి. ఎదురుగా పృచ్ఛకులు ఉంటే ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది, అందుకే చాలామంది దాన్ని భరించలేక కార్డు తీసేస్తారు.

ఈ నాలుగూ అయ్యాక కూడా ఏదో లోటు మిగిలితే, ఆ లోటు పేరేమిటో చెప్పుకోవాలి. వివరం చాలకపోవడం ఒకటి, వచ్చిన జవాబు నచ్చకపోవడం మరొకటి. మొదటిదానికే క్లారిఫయర్ ఉంది.

## 3. ఎలాంటి సందేహానికి అదనపు కార్డు పనికొస్తుంది

నా అనుభవంలో మూడు రకాల సందర్భాల్లో అది నిజంగా పనిచేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా అవసరమయ్యేది కోర్ట్ కార్డుల దగ్గర. పేజ్, నైట్, క్వీన్, కింగ్ కలిపి డెక్‌లో 16 ఉంటాయి. "ఆటంకం" స్థానంలో క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్ వస్తే, అది పృచ్ఛకురాలి చుట్టూ ఉన్న ఒక మనిషా, లేక ఆమెలోనే ఉన్న కరకుదనమా అన్నది ఆ ఒక్క కార్డును బట్టి తేలకపోవచ్చు. ముందుగా పృచ్ఛకురాలినే అడగాలి. "ఈ వర్ణనకు సరిపోయేవారు ఎవరైనా మీకు తెలుసా?" అన్న ప్రశ్నతో సగం సందేహాలు తీరిపోతాయి. అప్పటికీ తేలకపోతే, ఆ మనిషి ఎవరని కాకుండా, ఆ కరకుదనం ఏ విషయంలో పనిచేస్తోందని అడుగుతూ ఒక కార్డు తీయవచ్చు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఈ డెక్‌కు రూపకల్పన చేసిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, పది కార్డుల పద్ధతిని వివరిస్తూ, చివరి కార్డు తేల్చి చెప్పలేనిదిగా వస్తే ఆ పదో కార్డునే కేంద్రంగా పెట్టుకొని, పేక మళ్లీ కలిపి, మొత్తం పది కార్డులూ కొత్తగా పరవమన్నాడు. చివరన కోర్ట్ కార్డు వచ్చినప్పుడూ అలాగే చేయడం ఉపయోగమన్నాడు. అంటే పక్కన ఒక కార్డు అతికించడంతో సరిపెట్టలేదు, స్థానాలన్నీ ఉన్న పూర్తి ప్రశ్నగా దాన్ని మార్చాడు. చివరి స్థానంలో పెద్ద సందేహం మిగిలినప్పుడు, ఓపిక ఉంటే, ఇప్పటికీ అదే మేలైన దారి అని నా అభిప్రాయం.

రెండవ సందర్భం, బొమ్మలోనే ఏదో ఒకటి దాచిపెట్టి ఉన్న కార్డులు. టూ ఆఫ్ స్వోర్డ్స్‌లో స్త్రీ కళ్లకు గంతలు ఉన్నాయి. ఆమె చూడనిది ఏమిటని అడగవచ్చు. సెవెన్ ఆఫ్ కప్స్‌లో మబ్బుల మీద ఏడు కప్పులున్నాయి. వాటిలో పృచ్ఛకులను ఎక్కువగా లాగుతున్నది ఏమిటని అడగవచ్చు. మూన్ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. "ఇప్పుడు వెలుతురు చాలదు, ఆగి చూడు" అన్నదే చాలాసార్లు మూన్ ఇచ్చే జవాబు. దాని మీద క్లారిఫయర్ తీయడమంటే, ఆగమన్న మాటను వినకపోవడమే.

మూడవది, కార్డు స్పష్టంగానే ఉన్నా చేయాల్సిన పని కనిపించనప్పుడు. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ "ఇప్పుడున్న స్థితి"గా వస్తే సంగతి అర్థమవుతుంది. బొమ్మలో ఆమె కళ్లకు గంతలున్నాయి, ఒంటికి కట్లున్నాయి, కాళ్లకు మాత్రం లేవు. కదిలే వీలుందని తెలుస్తోంది, మొదటి అడుగు ఎటు అన్నది తెలియడం లేదు. స్ప్రెడ్‌లో సలహా స్థానం లేకపోతే, ఆ అడుగు కోసం ఒక కార్డు తీయడం న్యాయమే.

పనికిరాని సందర్భాలు త్వరగానే చెప్పేయవచ్చు. టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్ వంటివి బాధపెట్టే కార్డులే గానీ అస్పష్టమైనవి కావు. మరొకరి మనసులో ఏముందో "నిర్ధారించుకోవడానికి" తీసే కార్డు నిర్ధారణ ఇవ్వదు. ఆరోగ్యం, కోర్టు కేసు, అప్పు కాగితాలు వంటివాటిలో సందేహం మిగిలితే డాక్టరునో వకీలునో అడగాలి తప్ప, కట్టలో మిగిలిన కార్డులను కాదు.

## 4. క్లారిఫయర్ ప్రశ్నను రాయడం

ఇదే అసలైన మెట్టు. ప్రశ్నను మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. మనసులో ఉన్న ప్రశ్న కార్డు కనపడగానే రూపు మార్చుకుంటుంది, కాగితం మీది ప్రశ్న మారదు.

సరైన ప్రశ్నలో మూలకార్డు పేరు ఉంటుంది, ఆ కార్డులో ఏ భాగం తేలలేదో ఉంటుంది, అవును-కాదు అని జవాబు వచ్చే వీలు ఉండదు. ఈ జంటలను పోల్చి చూడండి.

- "దీని అర్థమేమిటి?" అని కాకుండా: "క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్ చూపుతున్న కరకుదనం ఈ ఇంట్లో ఏ విషయం దగ్గర బయటపడుతోంది?"
- "నిజంగా ఇలాగే జరుగుతుందా?" అని కాకుండా: "ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్‌లోంచి బయటపడడానికి ముందుగా వదులు చేయాల్సిన కట్టు ఏది?"
- "ఇంకేమైనా చెప్పాలా?" అన్న ప్రశ్నకు దిద్దుబాటు లేదు. అది ఏ కార్డుకూ చెందినది కాదు, దాన్ని కొట్టేయాలి.

రాసిన ప్రశ్నను ఒకసారి పరీక్షించండి. ఈ ప్రశ్నకు డెక్‌లో అన్నిటికంటే ఇష్టంలేని కార్డు వస్తే, దాన్ని కూడా జవాబుగా చదవడానికి సిద్ధంగా ఉన్నానా? సిద్ధంగా లేకపోతే, అడుగుతున్నది వివరం కాదు, ఓదార్పు. పృచ్ఛకులకు ఓదార్పు మాటతో ఇవ్వవచ్చు, దానికి కార్డు అక్కరలేదు.

## 5. తీయడం, పెట్టడం

1. స్ప్రెడ్ మొత్తం చదవడం పూర్తి చేయండి. రెండో కార్డు దగ్గరే ఆగి క్లారిఫయర్ తీస్తే, ఐదో కార్డు చెప్పబోయే వివరాన్ని ముందే కప్పేసినట్టవుతుంది.
2. రాసిన ప్రశ్నను పైకి చదవండి. పృచ్ఛకులు ఉంటే వారికి వినపడాలి.
3. ముందే అనుకున్న చోటు నుంచి ఒక కార్డు తీయండి.
4. దాన్ని మూలకార్డుకు కుడివైపున, సగం కిందికి దించి, నిలువుగా పెట్టండి. అడ్డంగా పెట్టవద్దు, కెల్టిక్ క్రాస్‌లో రెండో కార్డును అడ్డంగానే పెడతాం కాబట్టి, ఆ తర్వాత ఫొటో చూసుకున్నప్పుడు ఏది ఆటంకమో, ఏది అదనమో తెలియకుండా పోతుంది.
5. మిగిలిన కట్టను బల్ల మీద ఉంచకండి. పెట్టెలో పెట్టి మూత వేయండి. ఇది చిన్న పనే అయినా, చేయి మళ్లీ కట్ట మీదికి పోకుండా దీనంత బాగా ఆపేది మరొకటి నాకు దొరకలేదు.

## 6. రెండింటినీ కలిపి చదవడం

మూలకార్డును నామవాచకం అనుకోండి, క్లారిఫయర్ దాని ముందు వచ్చే విశేషణం. "ఎర్ర చీర" అన్నప్పుడు ఎరుపు అన్నది చీరను మరొక వస్తువుగా మార్చదు, ఏ చీరో చెబుతుంది. క్లారిఫయర్ కూడా అంతే. అది మూలకార్డు మాటను కొట్టేయదు, ఏ విషయంలో, ఎంత మేరకు, ఏ దారిలో అన్నది చెబుతుంది.

అందువల్ల రెండూ పరస్పరం విరుద్ధంగా కనిపించినప్పుడు కూడా మూలకార్డుదే పైచేయి. ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ మూలకార్డు అనుకుందాం. అందులో ఇద్దరు పేదలు మంచులో నడుస్తుంటారు, పక్కనే వెలుగుతున్న రంగుల కిటికీ ఉంటుంది. దానికి క్లారిఫయర్‌గా సన్ వస్తే "ఇబ్బందేమీ లేదు, అంతా బాగుంటుంది" అని చదవకూడదు. ఇబ్బంది ఉంది, అది దాచుకోకుండా నలుగురికీ తెలిసేలా వెలుగులో పెట్టినప్పుడు దారి దొరుకుతుందని చదవాలి. ఆ కిటికీలోని వెలుతురుకు సన్ కార్డు పేరు పెట్టింది, అంతే.

క్లారిఫయర్‌గా మేజర్ ఆర్కానా కార్డు, అంటే సన్, మూన్, టవర్ వంటి సూట్ లేని పెద్ద కార్డు వచ్చినప్పుడు చాలామంది దాన్నే అసలు జవాబు చేసేస్తారు. డెక్‌లో 78కి 22 మేజర్ కార్డులే, అంటే నాలుగింట ఒకటికి కాస్త పైన. యాదృచ్ఛికంగా తీసినా తరచూ వస్తాయి. దాని బరువు ఎంతైనా స్థానం మూలకార్డుదే.

కోర్ట్ కార్డు మీద మళ్లీ కోర్ట్ కార్డు వస్తే తికమకపడి మూడోది తీయవద్దు. ఇద్దరు మనుషులు, లేదా రెండు తీరులు ఎదురెదురుగా ఉన్నాయని చదవండి. ఒకరి చూపు ఎటుందో, మరొకరి ముఖం ఎటు తిరిగి ఉందో బొమ్మల్లోనే చూడండి.

## 7. ఒక రీడింగ్ మొదటి నుంచి చివరి వరకు

విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్న ఒకావిడ వచ్చారు. మరో స్కూలు నుంచి ఎక్కువ జీతంతో పిలుపు వచ్చింది, వెళ్లాలా వద్దా అన్నది ఆమె సందేహం. "వెళ్లాలా" అన్న ప్రశ్నను "నిర్ణయించే ముందు నేను ఏం తెలుసుకోవాలి" అని మార్చుకున్నాం. మూడు స్థానాలు: ఇప్పుడున్న పని, కొత్త పని కోరేది, నిర్ణయానికి ముందు చూడాల్సింది. అదనపు కార్డు ఒక్కటేనని ముందే చెప్పాను.

మొదటి స్థానంలో ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్. బల్ల మీద కూర్చొని ఒక పనివాడు నాణెం చెక్కుతున్నాడు, పూర్తయినవి పక్కన కొయ్యకు వేలాడుతున్నాయి, ఊరు వెనక దూరంగా ఉంది. రెండవ స్థానంలో టెన్ ఆఫ్ వాండ్స్. పది కర్రలు ఒక్కడే మోస్తూ వంగి నడుస్తున్నాడు, ముందు ఊరు కనిపిస్తోంది. మూడవ స్థానంలో టూ ఆఫ్ స్వోర్డ్స్.

టెన్ ఆఫ్ వాండ్స్ చూడగానే ఆమె ముఖం వాడిపోయింది. "దీనికి ఇంకో కార్డు తీయండి" అన్నారు. తీయలేదు. ఆ కార్డులో అస్పష్టత లేదు. కొత్త చోట బరువు ఎక్కువ, మోసేది ఒక్కరే. మొదటి కార్డులో దూరంగా ఉన్న ఊరు రెండో కార్డులో దగ్గరికి వచ్చింది, అంటే ఆమె కోరుకుంటున్న ఎదుగుదల అటువైపు ఉంది, ఖరీదుతో పాటు ఉంది. ఈ మాట చెప్పగానే, అక్కడ రెండు తరగతులకు క్లాస్ టీచరుగా ఉండమన్నారని ఆమే చెప్పారు.

సందేహం నిజంగా మిగిలింది మూడో స్థానంలోనే. "చూడాల్సింది" అన్న చోట కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ వచ్చింది. చూడనిది ఏదో ఉందని తెలుస్తోంది, ఏమిటన్నది బొమ్మ చెప్పడం లేదు. పక్క కార్డులు కూడా పని గురించే గానీ దీని గురించి చెప్పలేదు. మూడు నిమిషాలు ఆగాక ప్రశ్న రాశాను: "టూ ఆఫ్ స్వోర్డ్స్‌లోని స్త్రీ ఈ ఉద్యోగం విషయంలో ఏ భాగాన్ని చూడకుండా ఉంది?"

సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. ఒక వర్తకుడు ఒక చేత్తో తక్కెడ పట్టుకొని, మరో చేత్తో మోకరిల్లినవారికి నాణేలు వేస్తున్నాడు. విశేషణంగా చదివితే, చూడనిది ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క, అందులోనూ తక్కెడ ఎవరి చేతిలో ఉందన్నది. జీతం ఎంతో ఆమెకు తెలుసు. ఏ షరతుల మీద అన్నది అడిగారా అన్నాను. కొంతసేపు ఆలోచించి, "వేసవి సెలవుల్లో జీతం ఇస్తారో లేదో అడగలేదండీ, కాగితం మీద కూడా ఏమీ ఇవ్వలేదు" అన్నారు.

ఆ వెంటనే, "ఇంకొక్కటి తీయండి, ఇస్తారో ఇవ్వరో తేలిపోతుంది కదండీ" అన్నారు. ఇలాంటి ఘడియలోనే చాలా రీడింగులు చెడిపోతాయి. క్లారిఫయర్ తన పని చేసేసింది; చూడని చోటును చూపించింది. ఇక మిగిలినది ఆ స్కూలువాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. "అది చెప్పాల్సింది కార్డు కాదమ్మా, మిమ్మల్ని పిలిచినవాళ్లు. రేపు ఫోన్ చేసి, పది నెలల జీతమా పన్నెండు నెలల జీతమా అని అడిగి, కాగితం మీద ఇమ్మనండి" అన్నాను. ఆమె ఆ రెండు ప్రశ్నలనూ చీటీ మీద రాసుకొని వెళ్లారు.

## 8. జవాబు బురదయ్యే సందర్భాలు, దిద్దుకునే తీరు

నచ్చిన కార్డు వచ్చేదాకా తీయడం. నేర్చుకుంటున్న రోజుల్లో మా చెల్లి పెళ్లి సంబంధం గురించి నేను చేసిన తప్పు ఇదే. చివరి స్థానంలో ఫైవ్ ఆఫ్ కప్స్ వచ్చింది. నల్లటి అంగీ కప్పుకున్న మనిషి ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉన్నాయి, వెనక రెండు నిలబడి ఉన్నాయి. గుండె గుభేలుమని ఇంకొకటి తీశాను, టూ ఆఫ్ కప్స్ వచ్చింది. రూఢి చేసుకుందామని మళ్లీ తీస్తే సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. దాన్ని చెరిపేయడానికి నాలుగోది తీస్తే సన్ వచ్చింది. ఇంట్లో సన్ గురించే చెప్పాను. మొదటి కార్డు అడిగిన ప్రశ్న, ఈ సంబంధంలో మా చెల్లి దేన్ని పోగొట్టుకుంటానని దిగులుపడుతోందన్నది, నేను ఆమెను అడగనే లేదు. ఆ దిగులు చదువు మధ్యలో ఆగిపోతుందని. అది నాకు నెలల తర్వాత ఆమె నోటినుంచే తెలిసింది. ఆ తప్పు నాదే, కార్డులది కాదు.

దీని వెనక సులువైన లెక్క ఉంది. డెక్‌లో మూడో వంతు, అంటే 26 కార్డులు మనకు "శుభం"గా తోస్తాయనుకుందాం. ఒక కార్డు తీస్తే వాటిలో ఒకటి వచ్చే అవకాశం నూటికి 33. మూడు తీస్తే కనీసం ఒకటైనా వచ్చే అవకాశం నూటికి 71, నాలుగు తీస్తే 81. నాలుగో కార్డు దగ్గర సన్ లాంటిది కనపడడం ఏ సంకేతమూ కాదు, అన్నిసార్లు తీయడం వల్ల వచ్చిన ఫలితం మాత్రమే.

దిద్దుబాటు: ఇప్పటికే ఎక్కువ తీసేసి ఉంటే, తీసిన వరుసలో మొదటి అదనపు కార్డును మాత్రమే ఉంచి మిగిలినవన్నీ బోర్లించండి. ఆ మొదటిదానికి ముందుగా రాసిన ప్రశ్న లేకపోతే దాన్ని కూడా బోర్లించి, మూలకార్డుతోనే ముగించండి.

క్లారిఫయర్‌కు క్లారిఫయర్ తీయడం. విశేషణానికి విశేషణం తగిలిస్తూ పోతే నామవాచకం కనపడకుండా పోతుంది. అదనపు కార్డే అర్థం కాలేదంటే సాధారణంగా ప్రశ్న వదులుగా ఉందని గుర్తు. ప్రశ్నను మళ్లీ చదవండి, అందులో "ఏమిటి" అన్న మాట దేన్ని చూపుతోందో చూడండి. అప్పటికీ తేలకపోతే కార్డు పేరు రాసి పెట్టుకొని ఆ రోజుకు ఆపేయండి.

పృచ్ఛకుల ఒత్తిడికి తీయడం. డబ్బు ఇచ్చి వచ్చినవారు ఇంకో కార్డు అడిగినప్పుడు కాదనడం కష్టమే. అటువంటప్పుడు "ఈ కార్డులో మీకు తేలనిది ఏమిటో మీరే ఒక వాక్యంలో రాయండి" అని కాగితం చేతికివ్వండి. కొందరు రాస్తుండగానే తమకు జవాబు తెలిసిందంటారు. కొందరు పూర్తిగా వేరే ప్రశ్న రాస్తారు. దానికి విడిగా కొత్త స్ప్రెడ్ పరవాలి, ఈ స్ప్రెడ్‌కు అతికించకూడదు.

అదే ప్రశ్నను మర్నాడు మళ్లీ వేయడం. ఇది కూడా ఆలస్యంగా తీసిన క్లారిఫయరే. ఈ మధ్యలో పరిస్థితిలో ఏదైనా మారితే తప్ప వేయవద్దు. పైన చెప్పిన టీచరు స్కూలుకు ఫోన్ చేసి జవాబు తెచ్చుకుంటే, అప్పుడు ఆమెకు నిజంగా కొత్త ప్రశ్న ఉంటుంది.

రీడింగ్ బురదయిందని తెలుసుకునే గుర్తులు:

- బల్ల మీది ఒక కార్డు ఏ స్థానానిదో, దేనికోసం తీశారో వెంటనే చెప్పలేకపోవడం.
- వాక్యాల్లో "కానీ", "అయినా", "ఏమో" పెరిగిపోవడం.
- మొదట చెప్పిన మాటకు చివర చెబుతున్న మాట ఎదురుగా ఉండడం, ఎందుకు మారిందో బొమ్మ చూపించి చెప్పలేకపోవడం.
- పృచ్ఛకులు చివరి కార్డునే గుర్తుపెట్టుకొని వెళ్లడం.

## 9. నోటు పుస్తకంలో రాసుకోవాల్సినవి

క్లారిఫయర్ తీసిన ప్రతి రీడింగ్‌కు ఒక పేజీ కేటాయించండి. తేదీ, అసలు ప్రశ్న, స్థానాలు, కార్డులు రాశాక, మూలకార్డుకు మీరు చెప్పిన వాక్యాన్ని క్లారిఫయర్ తీయక ముందే రాయండి. దాని కింద క్లారిఫయర్ ప్రశ్న, వచ్చిన కార్డు, ఆ తర్వాత మారిన వాక్యం రాయండి.

ఇరవై పేజీలయ్యాక కూర్చొని, రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో వాక్యంలో కొత్తగా ఒక చోటో, ఒక పనో, ఒక షరతో చేరితే ఆ కార్డు పనికొచ్చినట్టు. వాక్యం మారకుండా మాటలు మాత్రమే పెరిగితే అది అక్కరలేని కార్డు. అర్థం పూర్తిగా తిరగబడితే ఆ పేజీ మీద ఒక గీత గీసి, అప్పుడు క్లారిఫయర్ ప్రశ్నను ఎలా రాశారో చూడండి. నా పాత పుస్తకాల్లో గీత పడిన పేజీల్లో ఎక్కువవాటిలో ఆ ప్రశ్న రాయాల్సిన చోట ఖాళీ ఉంది.